చదివి సంతకం పెట్టిన మేధావి

మా వాడలో ఎవరికి దరఖాస్తు రాయాలన్నా నన్నే పిలుస్తారు. దాంతో చట్టం మొత్తం నా జేబులో ఉందని నాకో గట్టి నమ్మకం. నవ్వకండి, మీకూ ఏదో ఒక విషయంలో ఇలాంటి నమ్మకం ఉండే ఉంటుంది.

2016లో జనగామ జిల్లా కేంద్రమయింది. ఆఫీసులొచ్చాయి కదా, జిరాక్స్ దుకాణం పెడితే కాసుల వానే అనుకున్నాను. షట్టరు చూసుకున్నాను. కిరాయి నెలకు 10,000, అడ్వాన్సు లక్ష. ఓనరు డ్రాఫ్టు చేతిలో పెట్టి, "మీకు తెలియందేముంది సార్, ఒకసారి చూడండి" అన్నాడు. అక్కడే పడిపోయాను. ఎర్ర పెన్ను తీసి అచ్చుతప్పులు దిద్ది, నా పేరు ముందు 'శ్రీ' చేర్పించాను.

గడువు 11 నెలలు. "ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పదనే అందరూ 11 రాస్తారండీ" అని ఓనరుకే పాఠం చెప్పాను. ఆ కింది పేరాలోనే 24 నెలల లాకిన్ కూర్చుని ఉంది: ఈలోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల కిరాయి అడ్వాన్సులోంచి కోత. పదకొండులో ఇరవై నాలుగు ఎట్లా పడుతుందని అడగలేదు. రెన్యువల్‌కు పది శాతం పెంపు, సరే. మరమ్మతులన్నీ కిరాయిదారువే, సరే. మరమ్మతంటే బల్బో నల్లానో అనుకున్నాను మరి!

కొత్త కాగితం రాసుకోకుండానే 12వ నెల నుంచి 11,000 కట్టాను. వానలు పడ్డాయి, స్లాబు కారింది, మిషన్ తడిసింది, ఓనరు కాగితం చూపించాడు, నేను అరిచాను, 14 నెలలు నిండగానే ఖాళీ చేస్తానన్నాను, ఆయన క్యాలిక్యులేటర్ తీశాడు. మిగిలిన 10 నెలలకు 1,10,000. అడ్వాన్సు లక్ష. అంటే పోతూపోతూ నేనే ఇంకో పదివేలు ఇవ్వాలి!

మానుకోటలో వకీలుగా ఉన్న మా బావకు ఫోన్ చేశాను. తనివితీరా నవ్వి అప్పుడు చెప్పాడు. "బామ్మర్దీ, 11 నెలలు దాటాక ఓనరు కిరాయి తీసుకుంటూ పోతే అది నెలనెలా సాగే కిరాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసు చాలని వాదించొచ్చు. రిజిస్టరు కాని కాగితంలో 24 నెలల షరతు నిలవదనీ అనొచ్చు. కానీ లక్ష ఉన్నది ఆయన దగ్గర, కోర్టు చుట్టూ తిరగాల్సింది నువ్వు."

సగానికి రాజీపడ్డాను. నా పాండిత్యం ఖరీదు అక్షరాలా యాభై వేలు.

మీరు నాకంటే తెలివైనవారే, అయినా చెబుతున్నా. లాకిన్ గడువును మించితే కొట్టేయించండి, లేదా మొత్తం కాలానికీ రిజిస్టరు చేయించండి. స్లాబు, గోడలు, పైపులైను ఓనరువని రాయించండి. నోటీసు ఇద్దరికీ ఒకేలా ఉండాలి. తాళంచెవి ఇచ్చాక ఎన్ని రోజుల్లో అడ్వాన్సు వాపసో, దేనికి కోత పెట్టొచ్చో అంకెలతో ఉండాలి. ఇవన్నీ సంతకానికి ముందే. సంతకమయ్యాక ఓనరు డ్రాఫ్టు మార్చడు.