కారణం తేలేదాకా

మార్కాపురంలో పలకల రాయిని టైల్స్‌గా కోసి అమ్మే వ్యాపారి ఒకాయన ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. వకీలు దగ్గర గుమాస్తాగా చేసినవాణ్ని కదా, కాగితం ముక్క ఎక్కడ కరుస్తుందో నాకు తెలుసని ఆయన నమ్మకం.

బెంగళూరు కస్టమర్ గోడకు అతికించిన రాయి పొరలు లేచాయట. షాపు కుర్రాడు మొదట "రాయి అంతే సార్, మేమేం చేస్తాం" అని జవాబిచ్చాడు. ఆయన మండిపడేసరికి "సారీ సార్, తప్పు మాదే, ఆ లాటంతా అంతే" అన్నాడు.

"మొదటిది ఆయన్ని కన్స్యూమర్ కమిషన్‌కు తరుముతుంది. 2019 చట్టం ప్రకారం తానుండే బెంగళూరులోనే కేసు వేయొచ్చు. రెండోది అక్కడ ఆయనకు సాక్ష్యమవుతుంది. భారతీయ సాక్ష్య అధినియమం 15వ సెక్షన్ కింద ఫోన్‌లో రాసిందీ ఒప్పుకోలే. అదే తుది రుజువు కాదు కానీ, కాదని తేల్చడం నీ తలనొప్పి" అన్నాను.

"నిజంగా తప్పు మాదేనా అన్నా?"

"చూడకుండా ఎలా తెలుస్తుంది? రాయిలోనే లోపం ఉండొచ్చు. మేస్త్రీ సిమెంటు మధ్యలో మాత్రమే పెట్టి, అంచులు బోలుగా వదిలి ఉండొచ్చు. సీలర్ పూయక నీళ్లు పొరల్లోకి దిగి ఉండొచ్చు."

కూర్చుని ఇలా రాశాను: "మీకు కలిగిన ఇబ్బంది చదివి బాధ కలిగింది. ఇలాంటప్పుడు ఎవరికైనా మనసుకు కష్టంగా ఉంటుంది. కారణం తెలుసుకోవడానికి, దెబ్బతిన్న భాగం స్పష్టంగా కనిపించేలా రెండు ఫోటోలు పంపగలరు. అవి అందిన రెండు రోజుల్లో మా మనిషి మీకు ఫోన్ చేస్తాడు."

చివర్లో "మా తప్పేమీ లేదు" అని చేర్చమన్నాడు. వద్దన్నాను. ఆ ఒక్క ముక్కతో పైన చెప్పిన బాధంతా నటన అయిపోతుంది. "వాపసు ఇస్తాం" అని కూడా ఇప్పుడే అనకూడదు. "అయితే రెండు రోజుల్లో ఫోన్ చేసి తీరాలి. రాయిదే లోపమని తేలితే మార్చివ్వాలి. ఇది కారణం తేలేదాకా మాట జారకుండా ఉండటానికే, ఎగ్గొట్టడానికి కాదు" అని మరీమరీ చెప్పాను.

కస్టమర్ మెత్తబడ్డాడు. మేస్త్రీ వదిలేసిన బోలే కారణమని తేలింది. కుర్రాడు ఆ జవాబును వాట్సాప్ బిజినెస్‌లో `/badha` అని దాచుకున్నాడు. అది కొట్టి ఎంచుకుంటే చాలు, మొత్తం వచ్చేస్తుంది.

కొన్ని వారాలకు షాపుకెళితే వ్యాపారి సంబరంగా ఫోన్ చూపించాడు. "ఇప్పుడు ఎవరికైనా ఇదేనన్నా, ఒక్క గొడవా లేదు!"

వేలితో పైకి జరుపుతూ పోయాను. ఒకచోట గిద్దలూరు వైపు ఊరి నుంచి ఒకామె రాసింది: "సార్, మీ కోత మిషన్ కాడ పదేండ్లు పొడి పీల్చినాడు మా ఆయన. ఊపిరితిత్తులు పోయినాయంటన్నారు. ఏదన్నా సాయం చేయండి."

కింద నా జవాబు, అక్షరం మారకుండా.

దాని కింద ఆమె అడిగినట్టే రెండు ఫోటోలు పంపింది. రెండూ ఎక్స్‌రేలే. పంపి మూడు వారాలైంది.