పారిందల్లా మంచి కాంక్రీటే అనుకున్నాను

నా బల్ల మీద ఒక గుండ్రటి కాంక్రీటు ముక్క ఉంటుంది. మూడంగుళాల మందం, జానెడు పొడవు. కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నానని అందరూ అనుకుంటారు. నా తెలివి ఎగిరిపోకుండా పెట్టుకున్నాను. ఒక గోడ పైభాగం నుంచి కోసి తీసిన కోర్ అది. చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే అందులో కంకర కనబడదు.

ఆరేళ్ల కిందటి మాట. హైదరాబాద్ పడమటి వైపు ముప్ఫై పైచిలుకు అంతస్తుల టవరు. కింది అంతస్తుల్లో గోడలూ స్తంభాలూ ఎం70 కాంక్రీటుతో పొయ్యాలి. 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 70 న్యూటన్ల బలం రావాలన్నమాట. మామూలు ఇళ్లలో పోసేది ఎం20, ఎం25. అంత ఎత్తు కట్టడానికి తక్కువ బలమున్న కాంక్రీటు వాడితే కింది స్తంభాలు గదుల్ని మింగేస్తాయి. స్తంభం సన్నబడాలంటే కాంక్రీటు బలపడాలి. స్తంభం సన్నబడితే ఊచలు ఇరుకున పడతాయి. మా గోడ 300 మిల్లీమీటర్ల మందం. చివర్లలో ఊచల మధ్య వేలు కూడా కష్టంగా దూరేది, ఇక వైబ్రేటర్ నీడిల్ దూరే ప్రశ్నే లేదు. అందుకే తనంతట తానే పారి, మూలమూలకీ సర్దుకునే కాంక్రీటు ఎంచుకున్నారు. సైటులో అందరం ఎస్‌సీసీ అంటాం.

ఇది జపాన్‌లో పుట్టింది. నైపుణ్యమున్న పనివాళ్లు తగ్గిపోతున్నారు, వైబ్రేటర్ సరిగా పెట్టకపోతే కట్టడాలు తొందరగా పాడవుతున్నాయి, కాబట్టి మనిషి చేతి మీద ఆధారపడని కాంక్రీటు కావాలని టోక్యో విశ్వవిద్యాలయంలో ఒకమురా అనే ఆచార్యుడు 1986లో ప్రతిపాదించాడు. రెండేళ్లలో నమూనా తయారైంది. తర్వాత అకాషి వంతెన లంగరు దిమ్మెల్లో పోశారు. దుబాయ్ బుర్జ్ ఖలీఫా పునాది దిమ్మె కూడా ఈ రకమే, పైన గోడలూ స్తంభాలకి 80 బలం కాంక్రీటు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. అదే నాకు పట్టిన మొదటి శని. ‘మనిషి చేతి మీద ఆధారపడని’ అన్న మాటని ‘మనిషి అక్కర్లేని’ అని చదువుకున్నాను.

రెండో శని ల్యాబులో పట్టింది. ట్రయల్ మిక్స్ క్యూబులు మూడు పరీక్షకి పెట్టాం. మూడింటికీ ఒకే అంకె వచ్చింది, 88.9. పొంగిపోయాను. మూడు క్యూబుల మధ్య పూచికపుల్లంత తేడా లేదు, ఇంత నిలకడ ఎక్కడైనా ఉందా అని ఫోటో తీసి స్నేహితులకి పంపాను. వాళ్లలో ఒకడు తిరిగి ఒకే ప్రశ్న అడిగాడు: మీ మిషన్ ఎంతదిరా? 2000 కిలోన్యూటన్లది. 150 మిల్లీమీటర్ల క్యూబు ముఖం 22,500 చదరపు మిల్లీమీటర్లు. ఇరవై లక్షల న్యూటన్లని దానితో భాగిస్తే 88.9. అంటే క్యూబులు పగల్లేదు, మిషనే ఆగిపోయింది. నేను కొలిచింది కాంక్రీటుని కాదు, మిషన్ని. ఎం70కి సగటున 80 వస్తే చాలు. మాది అంతకు చాలా పైనుందని, సిమెంటు కొంచెం తగ్గించుకునే వీలుందని అప్పుడైనా ఆలోచించాల్సింది. నవ్వుకుని వదిలేశాను.

ఆ మిశ్రమం గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఘనపు మీటరుకి సిమెంటు 400 కిలోలు, ఫ్లై యాష్ 100, సిలికా ఫ్యూమ్ 40. ఇవన్నీ కలిపి 540 కిలోల పొడి. నీళ్లు 157 లీటర్లు మాత్రమే, పొడి బరువులో 29 శాతం. ఇసుక 800, కంకర 880. కంకర కూడా చిన్నది, 12.5 మిల్లీమీటర్లకు మించనిది. ఇంత తక్కువ నీళ్లతో అది కదలకూడదు. కదిలిస్తున్నది పీసీఈ రకం అడ్‌మిక్చర్. సిమెంటు రేణువులు ఉండకట్టకుండా విడదీసి, వాటి మధ్య చిక్కుకున్న నీటిని వదిలిస్తుంది. పొడి ఎక్కువ కావడంతో పేస్టు చిక్కగా ఉండి కంకరని మోసుకుపోతుంది. పులుసు లాంటిదే. సరైన చిక్కదనంలో గరిటె తిప్పితే ముక్కలు పులుసుతోనే తిరుగుతాయి. పల్చబడిందా, ముక్కలు అడుక్కి పోతాయి, పైన నీళ్ల చారు.

పొయ్యాల్సిన రోజుకి ముందు రాత్రి వాన దంచేసింది. శ్రావణమాసం. కాంక్రీటు బయటి ప్లాంటు నుంచి వస్తుంది. అక్కడ ఇసుక కుప్ప మీద పట్టా లేదు. వాళ్ల కంప్యూటర్లో ఇసుక తేమ 2 శాతం అని ముందు రోజుదే ఉండిపోయింది. నిజానికి 5 శాతం ఉందని తర్వాత తేలింది. చిన్న తేడాలా కనిపిస్తుంది. 2 శాతం తేమ అనుకుని 816 కిలోల తడి ఇసుక తూచారు. అందులో అసలు ఇసుక 777 కిలోలే, మిగతా 39 నీళ్లు. వాళ్ల లెక్కలో 16. అంటే ప్రతి ఘనపు మీటరులో 23 లీటర్ల నీళ్లు ఎక్కువ, అంతే బరువు ఇసుక తక్కువ. 29 శాతం కాస్తా 33 దాటింది. మామూలు కాంక్రీటులో అయితే కొంచెం జారుగా ఉందనుకుని బలంలో కొంత పోగొట్టుకుంటాం. అంచు మీద నిలబెట్టిన ఈ మిశ్రమం మాత్రం విరిగిపోతుంది, పాలు విరిగినట్టు.

ఆ విరగడం నా కళ్ల ముందే జరిగింది. లారీ రాగానే పలక మీద శంకువు పెట్టి నింపి ఎత్తాం. ట్రయల్లో 700 మిల్లీమీటర్ల వెడల్పు పరుచుకుంది. 500 గీతని చేరడానికి నాలుగు సెకన్లు తీసుకుంది. ఆ రోజు ఎత్తీ ఎత్తగానే గీత దాటేసి 800 దాకా పోయింది. నడుమ కంకర గుట్టలా మిగిలింది. అంచున వేలెడు వెడల్పున కంకర లేని పేస్టు, దాని చుట్టూ తళతళలాడే నీటి గీత. నేను చప్పట్లు కొట్టాను.

పక్కన షట్టరింగ్ మేస్త్రి ఉన్నాడు. కరీంనగర్ వైపు మనిషి, దుబాయ్‌లో పదేళ్లు చేసొచ్చాడు. వంగి అంచు చూశాడు.

“సార్, నడిమిట్ల కంకర కుప్ప వడ్డది. సుట్టూ నీళ్లు దిగుతున్నయ్. ఇది మంచిగ లేదు సార్.”

“బాగా పారుతోంది కదా మేస్త్రీ, మనకి కావలసింది పారడమే.”

ఆయన ఇంకేమీ అనలేదు. షట్టరింగ్ గురించి మాత్రం ఒకటి అడిగాడు, మెల్లగా పోయిద్దామా అని. దానికీ నా దగ్గర జవాబుంది. ఆరు మీటర్ల పొడవు, 3.6 ఎత్తు గోడ, ఆరున్నర ఘనపు మీటర్లు, ఒక్క లారీ. గొట్టం పెట్టి ఇరవై నిమిషాల్లో కానిచ్చేద్దామన్నాను.

మామూలు కాంక్రీటు మెల్లగా పోస్తుంటే అడుగుది పట్టు బిగించి, పైదాని బరువుని పలకల మీదకి అంతగా తొయ్యదు. ఎస్‌సీసీ వేగంగా పోస్తే మొత్తం ఎత్తూ ద్రవమే. నీళ్ల ట్యాంకులా తోస్తుంది, నీళ్లకి దాదాపు రెండున్నర రెట్ల బరువుతో. మీటరు లోతుకి చదరపు మీటరు మీద 2.4 టన్నులు. 3.6 మీటర్ల అడుగున 8.6 టన్నులు. మా పలకలు ఐదు టన్నులకి బిగించినవి. ఈ లెక్క చెయ్యడానికి సెల్‌ఫోన్ కూడా అక్కర్లేదు. నేను చెయ్యలేదు.

మూడో వంతు ఎత్తు దాటగానే అడుగున పలక సందుల్లోంచి పేస్టు చిమ్మింది. కార్పెంటర్లు గోనెపట్టాలు కుక్కారు. పైన నాకు భయం పట్టుకుంది. పేస్టు పోయిన చోట కంకర తేనెపట్టులా మిగిలిపోతుందేమోనని. ఎందుకైనా మంచిదని, ఊచలు కాస్త పలచగా ఉన్న గోడ నడుమ నీడిల్ వైబ్రేటర్ దింపించాను. వైబ్రేటర్ అక్కర్లేదని కొన్న కాంక్రీటులో, అప్పటికే విరిగిన కాంక్రీటులో. ఆ రోజు చేసిన తప్పులన్నిట్లోకీ దీన్ని తలుచుకుంటేనే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. కంకర దిగిపోవడానికి నేను దగ్గరుండి సాయం చేశాను.

మర్నాడు పలకలు విప్పితే పైభాగం అద్దంలా మెరిసింది. దాని ముందు నిలబడి ఫోటో కూడా దిగాను. అడుగున గోడ కడుపు ఉబ్బింది, 25 మిల్లీమీటర్లు బయటికి. అది చెక్కేస్తే సరిపోతుందనుకున్నాను. పైన అడ్డ ఊచల వెంబడి సన్నని గీతలున్నాయి. ఊచల కింద కాంక్రీటు కుంగి, పైన పగిలిన గీతలు. అవి ఎండ పగుళ్లని చెప్పుకున్నాను. ఎండ లేదని గుర్తు చేసింది మేస్త్రే.

ఇక్కడ వింత ఏమిటంటే, ఆ లారీ నుంచి తీసిన క్యూబులు పాసయ్యాయి. 28 రోజులకి సగటు 76. క్యూబు ఆరంగుళాల ఎత్తు, అందులో కంకర దిగినా ఎంత దూరం పోతుంది? 3.6 మీటర్ల గోడలో సంగతి వేరు. కన్సల్టెంట్ వచ్చి సుత్తితో పైనా కిందా కొట్టి, మోత విని, కోర్లు తియ్యమన్నారు. ఊచలు ఎక్కడున్నాయో పరికరంతో వెతికి, తప్పించి కోశాం. అడుగు కోర్ల సగటు 71. పై మూడూ 49, 54, 51. ఐఎస్ 456 ప్రకారం కోర్ల సగటు అడిగిన బలంలో 85 శాతమైనా ఉండాలి, అంటే 59.5. ఏ ఒక్కటీ 75 శాతం, అంటే 52.5 కంటే తగ్గకూడదు. పైభాగం రెండు పరీక్షల్లోనూ తప్పింది. నేను మెచ్చుకున్న నున్నదనమంతా కంకర లేకపోవడం వల్ల వచ్చిందే.

ఇరవై నిమిషాల్లో పోసిన గోడని, ఊచలు దెబ్బతినకుండా పగలగొట్టడానికి పదకొండు రోజులు పట్టింది.

రెండోసారి తెల్లవారుజామునే ప్లాంటుకి వెళ్లాను. కుప్ప లోపలి నుంచి అరకిలో ఇసుక తీసి స్టవ్ మీద పెనంలో వేయించాను. 500 గ్రాములు 481కి దిగింది. పోయిన 19ని 481తో భాగిస్తే దాదాపు 4 శాతం. ఆ అంకె కంప్యూటర్లో పడే దాకా అక్కడే కూర్చున్నాను. పలకలకి టై రాడ్లు దగ్గర దగ్గరగా వేయించి, సందులకి నురగ పట్టీలు అతికించాం, ఎందుకంటే నీరు కారే సందులోంచి ఈ పేస్టూ కారుతుంది. మొదటి లారీ 760 పరుచుకుంది, అంచున మళ్లీ నీటి మెరుపు. వెనక్కి పంపించాను. డ్రైవర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. రెండోది 690, నాలుగున్నర సెకన్లు, కంకర అంచుదాకా వచ్చింది. గంటన్నర తీసుకుని పోశాం, నీడిల్‌ని సైటులో లేకుండా గోదాములో పెట్టించాను. పోయడం అవ్వగానే పై అంచు మీద పాలిథిన్ కప్పాం. ఈ కాంక్రీటు పైకి నీరు ఊరదు, కప్పకపోతే గాలికే ఎండి చిట్లుతుంది. పలకలు విప్పాక తడి గోనెలు చుట్టాం.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడొకడు బల్ల మీది కోర్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇందులో కంకర కనబడదేంటి సార్?”

రాత్రి వాన పడింది. ప్లాంటుకి ఫోన్ చేశావా అని అడిగాను. లేదన్నాడు. పెనం ఎక్కడుందో చూపించాను.