మీదే మిషన్ మీద ఉంది వదినా!

టైలరు చెప్పే తారీకుని మన ఊళ్లలో ఎవరూ నమ్మరు. అందుకే టైలరుకి నిజం తారీకు ఎవరూ చెప్పరు. ఇరవయ్యో తేదీ పెళ్లయితే పదో తేదీ అంటాం. ఆవిడా తక్కువ తినలేదు, ఆ పదిని మనసులోనే ఇరవై రెండుకి మార్చుకుని ‘తప్పకుండా ఇచ్చేస్తాగా’ అంటుంది. ఇలా ఇరుపక్షాలూ ఎంతో మర్యాదగా అబద్ధాలాడుకునే ఈ వ్యవహారానికి మనం పెట్టుకున్న పేరు ‘మన టైలరమ్మ, ఎన్నో ఏళ్ల పరిచయం’.

ఈ వ్యవహారం మొత్తం ఒక్క సిద్ధాంతం మీద నిలబడి ఉంది: గుమ్మంలోకి వచ్చిన లక్ష్మిని పొమ్మనకూడదు. దీన్ని ప్రబోధించే పెద్దలెవరూ జీవితంలో ఒక్క కాజా కుట్టి ఎరగరు. నేను చెప్పబోయే కథలో టైలరమ్మ మాత్రం దాన్ని శిరసావహించింది. ఒక చిన్న ఊళ్లో ఒక మిషను, హెమ్మింగులకీ హుక్సులకీ ఒక అమ్మాయి, అద్దె కొట్టు. అదీ ఆవిడ సామ్రాజ్యం.

ఆషాఢంలో బట్టల కొట్లు తగ్గింపులు పెడతాయి, ఊరంతా చీరలు కొంటుంది. కట్టుకోవడం మాత్రం శ్రావణంలో. అందరి పెళ్లి ముహూర్తాలూ ఆ రోజుల్లోనే, అందరి వరలక్ష్మీ వ్రతమూ పౌర్ణమికి ముందు శుక్రవారమే. పంచాంగం రాసినవారు టైలర్లని సంప్రదించకపోవడం వల్ల, నెలల తరబడి రావాల్సిన జాకెట్లు మూడు వారాల్లో వచ్చిపడతాయి. ఆ ఏడు ఆవిడ కొట్లోకి వచ్చినవి 120. ఒక్కటీ కాదనలేదు. ‘నువ్వు తప్ప ఎవరు కుడతారక్కా’ అన్నవాళ్లకి కరిగిపోయింది, అననివాళ్లకి భయపడిపోయింది.

ఇప్పుడు లెక్క చూద్దాం. లైనింగు జాకెట్టు కోతకి అరగంట, కుట్టుకి గంటన్నర. రోజుకి నాలుగు. ఆదివారాలు పోను మూడు వారాల్లో పని రోజులు 18. అంటే 72 జాకెట్లు. మిగతా 48 లక్ష్మీకటాక్షం వల్ల వాటంతటవే కుట్టుకుంటాయని ఆవిడ అనుకుని ఉండాలి.

అవి కుట్టుకోకపోగా, ఉన్నవాటినీ కుట్టనివ్వలేదు. తారీకు దాటిన జాకెట్టు ఊరికే ఉండదు, దాని యజమానురాలిని కొట్టుకి పంపిస్తుంది. రోజుకి ఓ పన్నెండు మంది వస్తారు. ఒక్కొక్కరికీ మిషను ఆపి, గుట్టలోంచి సంచీ వెతికి, కోసిన ముక్క ఒకటి పైకి లేపి ‘ఇదిగో, మీదే మిషన్ మీద ఉంది వదినా’ అని చూపించాలి. ఆ ముక్క కోసిందే ఇలా చూపించడానికని వదినగారికి తెలియదు. మనిషికి పది నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు పోయాయి. అంటే సరిగ్గా ఒక జాకెట్టు. నాలుగు కుట్టే చెయ్యి మూడే కుట్టింది. 72 కాస్తా 54 అయింది. ఎక్కువ ఒప్పుకుంటే ఎక్కువ పని జరుగుతుందనే మేధావులు ఈ తీసివేత దగ్గర కాసేపు ఆగాలని మనవి.

ఇక రాత్రిళ్లు కూర్చుంది. మరో 24 లాగింది. నిద్రమత్తులో లాగినవి ఎలా ఉంటాయో అలాగే వచ్చాయి. నూలు లైనింగుని ముందు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి కోయాలి. తీరిక లేక కొట్టునుంచి తెచ్చినది తెచ్చినట్టే కోసేసింది. మొదటి ఉతుకులో లైనింగు కుంచించుకుపోయి, పై గుడ్డ ముడతలు పడింది. జాకెట్టు చేతికి ముందువైపు చంక లోతుగా, వెనక తక్కువగా కోస్తారు. గుడ్డ తిప్పడం మరిచిపోతే రెండూ ఒకే వైపు చేతులవుతాయి. ఆ సీజన్లో రెండు పట్టుజాకెట్లు అలా రెండేసి ఎడమచేతులతో తయారయ్యాయి. చీరతో నేసి వచ్చిన జాకెట్టు ముక్క మళ్లీ ఏ కొట్లోనూ దొరకదు. క్షమాపణ చెబితే సరిపోదు, డబ్బు కట్టాలి.

సీజను ముగిసింది. 78 జాకెట్లు, 400 చొప్పున 31,200. రాత్రిపనికి అమ్మాయికిచ్చింది 3,000. ఎడమచేతుల పరిహారం 5,000. మిగిలింది 23,200. కుట్టని 42 సంచీలనీ జనం తిట్టుకుంటూ పట్టుకుపోయారు. వాళ్లతోపాటు వాళ్ల పిల్లల గౌన్లు, ఫాల్సు, పీకోలు, ఏడాది పొడవునా అద్దె గడిపే చిల్లర పనంతా పక్క వీధికి పోయింది. మూడు నెలల అద్దె బాకీ పడ్డాక, మిషను అమ్మేద్దామనే ఆలోచన కూడా వచ్చింది.

అమ్మే ముందు ఒక పుస్తకం కొంది. పేజీకి ఒక రోజు, రోజుకి నాలుగు గీతలు. గీతకి ఒక జాకెట్టు. వారానికి రెండు గీతలు ఆల్టరేషన్లకి ఖాళీగా వదిలేసింది, ఎందుకంటే ఎంత బాగా కుట్టినా ఏదో ఒకటి చంక పట్టేసిందంటూ తిరిగి రావడం ఖాయం. గీతలు నిండాక పేజీ మూత. అర్జంటు అంటే ఖాళీ గీత ఉంటేనే, ఇంకొకరిది పక్కకి నెట్టి కాదు.

మరుసటి ఏడు మొదటి పరీక్ష ఇంటి ఓనరు భార్య రూపంలో వచ్చింది.

‘వరలక్ష్మీ వ్రతానికి రెండు కావాలమ్మా.’

‘పేజీలు నిండిపోయాయి పిన్నిగారూ. వ్రతం అయ్యాక సోమవారం ఇస్తాను.’

‘మాకే లేదంటావా?’

‘లేదన్నది మీకే చెప్పగలిగాను. మిగతావాళ్లకి ఇస్తానని చెప్పి ఎగ్గొడుతున్నా కదా ఇన్నాళ్లూ.’

పిన్నిగారు అలిగి పక్క వీధికి వెళ్లారు. అక్కడ ఆవిడ జాకెట్టు కూడా మిషన్ మీదే ఉందని విన్నాను. చాలాకాలం ఉంది.

ఆ శ్రావణంలో టైలరమ్మ 66 జాకెట్లు కుట్టింది. 26,400 వచ్చింది. రాత్రిపని లేదు, పరిహారం లేదు. పన్నెండు తక్కువ కుట్టి మూడువేల రెండువందలు ఎక్కువ మిగుల్చుకుంది. అడగడానికి వచ్చేవాళ్లు లేరు కనుక నాలుగు నాలుగుగానే నిలిచింది. ఇంకో వింత ఏమిటంటే, ఆవిడ తారీకు నిజమని తేలాక జనం కూడా నిజం తారీకు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరి పెళ్లి ముందో, ఎవరిది వెనకో ఆవిడకి తొలిసారి తెలిసింది. చిల్లర పని కూడా ఒక్కొక్కటే వెనక్కి వచ్చింది.

ఈ మందు అందరికీ పని చేయదు. మూఢం రోజుల్లో కొట్టు ఖాళీగా ఉంటే గీతలు గీసి ప్రయోజనం లేదు. అప్పుడు కుట్టించుకునేవారికి యాభై తగ్గించి పనిని ముందుకి జరుపుకోవాలని ఆవిడే కనిపెట్టింది. అద్దె నెత్తిన కూర్చున్న నెలలో వచ్చినదాన్ని కాదనడానికి గుండెధైర్యం ఒక్కటే చాలదు, చేతిలో నాలుగు డబ్బులుండాలి. ఆవిడకి పుస్తకం పెట్టిన మొదటి రెండు నెలలూ పుట్టింటి గాజులు తాకట్టు పెడితేగాని గడవలేదు. ‘కాదనడం నేర్చుకోండి’ అని వేదికలెక్కి చెప్పేవారు ఈ గాజుల సంగతి చెప్పరు.

అయితే తప్పంతా టైలరమ్మదేనా? కాదన్నవారిని పొగరుబోతులనీ, ఒప్పుకుని ఎగ్గొట్టినవారిని మంచివాళ్లనీ అనేది మనమే. కాబట్టి ఈసారి ఏ టైలరమ్మ అయినా పుస్తకం తిరగేసి ‘ఖాళీ లేదమ్మా’ అంటే అలగకండి, వచ్చే నెలకి అక్కడే గీత పట్టుకోండి. ‘మీకు కాదంటానా వదినా, ఎప్పుడైనా తెచ్చి పడేయండి’ అని నవ్విందా, పట్టుచీరకి నప్పే పాత జాకెట్టు ఏదైనా బీరువాలో ఉందేమో ఆ రోజే వెతుక్కోండి.