అమ్మకాల లిస్టులో రన్నింగ్ టోటల్: వినకూడని నాలుగు సలహాలు

కొట్టు లెక్కలు ఎక్సెల్‌లో రాసుకునేవాళ్లకు ఉచిత సలహాలకు కొదవ ఉండదు. వాటిలో కొన్ని వింటే లెక్క చూడ్డానికి చక్కగానే ఉంటుంది, చెప్పేది మాత్రం అబద్ధం. ఒక బట్టల కొట్టులో అయిదు రోజుల అమ్మకాలు తీసుకుందాం: 1న 4,000 రూపాయలు, 2న 6,500, 3న అమ్మకమేమీ లేదు సరికదా 500 వాపసు (అంటే -500), 4న 5,000, 5న 3,000. A కాలమ్‌లో తేదీ, B కాలమ్‌లో అమ్మకం, C కాలమ్‌లో రన్నింగ్ టోటల్. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుస నుంచి ఆరో వరుస దాకా లెక్కలు.

సలహా 1: “రన్నింగ్ టోటల్ కాలమ్ కిందా ఒక మొత్తం వేసెయ్యండి.”

C కాలమ్‌లో వరుసగా 4,000, 10,500, 10,000, 15,000, 18,000 వస్తాయి. వీటిని మళ్లీ కూడితే 57,500. కొట్టులో జరిగిన అమ్మకం 18,000 మాత్రమే. రన్నింగ్ టోటల్‌లో ప్రతి అంకెలోనూ అంతకుముందు రోజుల అమ్మకాలన్నీ కలిసే ఉంటాయి కాబట్టి 1వ తేదీ నాటి 4,000 ఇక్కడ అయిదు సార్లు లెక్కకొచ్చింది. కూడాల్సింది B కాలమ్‌ను. ఆ గ్రాండ్ టోటల్‌ను లిస్టు కింద కాకుండా పక్కన E2లో పెట్టుకోండి:

```
=SUM(B2:B6)
```

సలహా 2: “పై మొత్తానికి ఈ రోజు అమ్మకం కలిపి కిందికి లాగితే చాలు.”

అంటే C3లో `=C2+B3` అని రాసి లాగడం. లిస్టు ఎప్పటికీ మారకపోతే ఇదీ పనిచేస్తుంది. కానీ 2వ తేదీ బిల్లు ఒకటి, 1,200 రూపాయలది, రాయడం మరిచిపోయారనుకోండి. నాలుగో వరుస దగ్గర కొత్త వరుస చొప్పించి దాన్ని రాస్తారు, C4లోకి సూత్రం కూడా లాగుతారు. అక్కడ 11,700 వస్తుంది. దాని కింది వరుస మాత్రం ఇంకా పాత C3నే పట్టుకుని ఉంటుంది కాబట్టి అందులో 10,000 అలాగే నిలుస్తుంది. వాపసు 500 అయితే మొత్తం 1,700 పడిపోయింది! చివరి వరుస 18,000 దగ్గరే ఆగిపోతుంది, E2 మాత్రం 19,200 చూపిస్తుంది. ఇక మధ్యలో ఒక వరుస తీసేస్తే కింది వరుసలన్నీ `#REF!` అయిపోతాయి. C2లో ఇలా రాసి కిందికి లాగండి:

```
=SUM(B$2:B2)
```

డాలర్ గుర్తు వల్ల మొదలు కదలదు, చివర మాత్రం వరుసతో పాటు దిగుతుంది. వరుస చొప్పించినా కింది మొత్తాలు దాన్ని కలుపుకుంటాయి. కొత్త వరుసలో C సెల్ ఖాళీగా ఉంటే పై సెల్‌లోని సూత్రాన్ని కాపీ చేస్తే సరిపోతుంది.

సలహా 3: “పెద్ద అమ్మకాలు పైకి వచ్చేలా సార్ట్ చేయండి, మొత్తం ఎలాగూ మారదుగా.”

గ్రాండ్ టోటల్ మారదు, నిజమే. రన్నింగ్ టోటల్ అర్థమే మారిపోతుంది. మొదట చెప్పిన అయిదు వరుసలనే పెద్దది నుంచి చిన్నదానికి పేర్చి చూడండి: 6,500, 11,500, 15,500, 18,500, 18,000. పదిహేను వేల టార్గెట్ ఏ రోజు అందిందని అడిగితే ఈ లిస్టు 1వ తేదీ పక్కన 15,500 చూపిస్తుంది. నిజానికి టార్గెట్ అందింది 4న. పైగా కొట్టు లెక్క ఏ రోజూ 18,500కి చేరలేదు. రన్నింగ్ టోటల్ “ఆ రోజు దాకా ఎంత” అని చెప్పాలంటే లిస్టు తేదీల వరుసలోనే ఉండాలి. పెద్ద అమ్మకాలు చూడాలంటే వేరే షీట్‌లోకి కాపీ చేసి, అక్కడ C కాలమ్ తీసేసి సార్ట్ చేయండి.

సలహా 4: “చివరి రన్నింగ్ టోటల్, గ్రాండ్ టోటల్ ఒకటైతే లెక్క సరిపోయినట్టే.”

ఈ పోలిక చేయాల్సిందే. రెండో సలహా వల్ల వచ్చిన 1,200 తేడా బయటపడేది దీనితోనే. కానీ మూడో సలహా పాటించిన లిస్టులో కూడా చివర 18,000 వచ్చింది, గ్రాండ్ టోటల్‌తో సరిపోయింది. కాబట్టి ఈ పోలిక ఏ వరుసా తప్పిపోలేదని చెబుతుంది గానీ, వరుసలు సరైన క్రమంలో ఉన్నాయని చెప్పదు. దానికి A కాలమ్‌లో తేదీలు వెనక్కి వెళ్లకుండా ఉన్నాయా అని కంటితో చూసుకోవాలి.

“మొత్తం ఎంత అమ్మాం” అన్న ప్రశ్నకు గ్రాండ్ టోటల్ ఒక్కటి చాలు. “ఎప్పటికి ఎంత అయింది” అని అడిగితే రన్నింగ్ టోటల్ కావాలి. లిస్టు తెరిచే ముందు మీకు కావాల్సింది ఏ ప్రశ్నకు జవాబో తేల్చుకోండి. ఎవరైనా ఒకదాని బదులు ఇంకొకటి వాడమంటే ఆ సలహా పక్కన పెట్టేయండి.