నల్లబండ ముద్దు, నల్లపిల్ల వద్దు

ప్ర: పెండ్లికి అందం చూడటం తప్పా?
జ: తప్పేముందప్పా! కండ్లుండేది చూడటానికే.

ప్ర: మరి గొడవెక్కడ?
జ: చూసేది పిల్లోడి కండ్లు కావు, వాళ్లమ్మ పట్టుకొచ్చిన రంగు కొలత. కర్నూలు ఎండకు తన కొడుకు మాడినా సరే, కోడలు ఎర్రగా ఉండాల! రంగును బట్టి సంబంధాలు వెతికే వీలును షాదీ డాట్ కామ్ 2020లోనే తీసేసింది. మన పెండ్లిళ్ల పేరయ్య నోట్లో మాత్రం అది భద్రంగా ఉంది.

ప్ర: నలుపంటే అంత చేదా?
జ: ఎవరన్నారు? వంటింటి గట్టుకు కడప నల్లబండే కావాల. దేవుని కడపలో ఉగాదినాడు ముస్లింలు బీబీ నాంచారమ్మ మొగుడని వెంకన్నకు మొక్కుతారు. ఆ నల్లనయ్యను అల్లుడనుకునేముందు ఫొటో అడిగినోళ్లు లేరు.

ప్ర: పిల్ల కూడా పిల్లోడి అందం చూడొచ్చా?
జ: మా వీధిలో ఒకమ్మాయి చూసి, వద్దనింది. 'కండ్లు నెత్తికెక్కినాయి' అంటున్నారు.