మూడే మెట్లు సార్!

సికింద్రాబాద్‌లో ఓ హోటల్‌ను వీల్‌చైర్ వాడే అతిథి అడిగారు: మెట్లు లేని గది ఉందా? బాత్రూంలోకి కుర్చీ వెళ్తుందా? భోజనం ఎక్కడ?

జవాబు: "లిఫ్టుంది సార్. లిఫ్టు దాకా మూడే మెట్లు, మా కుర్రాళ్లు ఎత్తేస్తారు. బాత్రూం చాలా పెద్దది, తలుపే కాస్త ఇరుకు. రెస్టారెంట్ మెట్ల మీద. భోజనం గదికే పంపుతాం, చార్జీ అదనం."

మూడు మెట్లంటే దాదాపు అడుగున్నర ఎత్తు. అడుగుకు పన్నెండు అడుగుల లెక్కన పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. తలుపు తెరిస్తే 900 మిల్లీమీటర్ల దారి ఉండాలి. ఈ కొలతలు భవనాల సుగమ్యతపై 2021 కేంద్ర మార్గదర్శకాల్లోనే ఉన్నాయి.

మేనేజరు గారూ, జవాబు రాసేముందు తలుపుకు టేపు పట్టండి. కుర్రాళ్ల కండబలం తర్వాత చూద్దాం!