చిలకను కాదు, పాపనడగండి

నందికొట్కూరులో ఓ తల్లి ఉందనుకుందాం. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురి నంబరు ఆమె సెల్లో అన్నిటికన్నా పైనే ఉంటుంది. అయినా పాప పెళ్లెప్పుడో తెలుసుకోవడానికి చిలక పంజరం ముందు కూర్చుంటుంది. పిల్ల మనసు పిల్లకన్నా చిలకకే బాగా తెలుసు మరి!

తతంగం ముచ్చటగానే ఉంటుంది. జోస్యుడు పేరడిగి పంజరం తలుపెత్తుతాడు. చిలక నడిచొచ్చి, పేర్చిన కార్డుల్ని ముక్కుతో పక్కకు లాగుతూ లాగుతూ ఒకటి అతనికి అందించి, గింజ పుచ్చుకుని లోపలికి పోతుంది. దాని డ్యూటీ అంతే. అసలు పని ఆ తర్వాతే. "బిడ్డ గురించి కలతగా ఉంది కదా తల్లీ?" అంటాడు. నడివయసు ఆడమనిషికి మరింకే కలతుంటుంది! "అవు నాయనా, బెంగళూర్లో ఉంది, వచ్చిన సంబంధమల్లా వద్దంటాంది" అని ఆవిడే అందిస్తుంది. కాసేపాగి, "దూరాన ఎవరిదో నీడ కనబడతాంది" అంటాడు. దూరం సంగతి చెప్పింది తనేనని ఆవిడకు గుర్తుండదు.

1948లో అమెరికాలో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు, ఎవరిది వారికేనని నమ్మించి, ఒకే వ్యక్తిత్వ వర్ణన ఇచ్చాడు. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోవే. తమకు ఎంత బాగా సరిపోయిందో అయిదుకు మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. వాళ్లు కనీసం తమ గురించే చదువుకున్నారు. ఇక్కడ జాతకం పాపది, మార్కులు వేసేది అమ్మ.

ఇంతకీ ఆ చిలక ఎవరు? రెక్కలు కత్తిరించాక, తన జోడును తాను వెతుక్కునే వీల్లేని ఖైదీ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టి బోనులో పెట్టడమే నేరం. పెళ్లి సలహాకు మనకు దొరికిన పెద్దమనిషి అది!

నవ్వుకుని వదిలేద్దామంటే, ఆ 'నీడ' ఇంటికొస్తుంది. రాత్రి ఫోన్‌లో "ఎవడే వాడు?" అని మొదలవుతుంది. ఎవడూ లేకపోతే పాపకు ఒళ్లు మండుతుంది. ఉంటే, రేపో మాపో చెబుదామనుకున్న మాట గొంతులోనే ఆగిపోతుంది. పెళ్లికి ఇద్దరు మేజర్లు ఒప్పుకుంటే కుటుంబం, కులం అనుమతి అక్కర్లేదని శక్తివాహిని కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కన్నవాళ్ల అనుమతే అక్కర్లేని చోట పంజరం అనుమతి దేనికి?

కార్డు తీయించందే నిద్ర పట్టదంటారా, "నేను పాపతో ఎట్లా మాట్లాడాల?" అని మీ గురించి అడగండి. ఏ బొమ్మొచ్చినా నష్టం లేదు. పాపను మాత్రం పాపనే అడగండి: "సంబంధాలు చూడమంటావా, వద్దా?" వద్దంటే ఫొటో, జాతకం పెళ్లిళ్ల పేరయ్యకు పోకూడదు, చాటుగా కూడా. ఇప్పుడే కాదంటే, మళ్లీ ఎప్పుడు అడగమంటావో చెప్పమని, అందాకా ఆ ఊసెత్తకుండా ఉండాలి. పిన్నమ్మతో అడిగించడం కూడా ఊసెత్తడమే.

"సంక్రాంతికొచ్చినప్పుడు మాట్లాడుకుందాం లేమ్మా" అంటుందేమో. చిలకంత చురుగ్గా జవాబు రాదు, నిజమే. పాపకు గింజలేసి నేర్పించలేదు కదా.